గడిలో పట్టేదెంత?

ఇంగ్లీషు గళ్ళనుడికట్టును తెలుగులోకి తెచ్చే పని ఎవరికైనా అప్పగిస్తే, ముందుగా వాళ్ళ చేతికొచ్చేది ఆధారాల జాబితా. అడ్డం ఇన్ని, నిలువు ఇన్ని, పక్కనే జవాబులు. తెలుగు చేసి పంపమంటారు. పటాన్ని మాత్రం ముట్టుకోవద్దంటారు, ఎందుకంటే అది అప్పటికే గీసి ఉంది. నిజానికి నుడికట్టులో అనువాదానికి లొంగనివి రెండే: ఒకటి పటం, రెండోది ఆధారాలు. ఆ రెండూ తీసేస్తే మిగిలేది ‘జవాబులు వచ్చేవారం’ అన్న ఒక్క వాక్యం. దాన్ని నిక్షేపంగా అనువదించుకోవచ్చు.

కాబట్టి పని మరో వైపు నుంచి మొదలుపెట్టాలి. ముందు గడి, తర్వాత పటం, ఆ తర్వాత మాటలు, చిట్టచివర ఆధారాలు. గడి విషయంలో తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఒక గడిలో ఎంత పడుతుంది?

గడికి ఏమిటి కొలత

1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ తన మొదటి గళ్ళ పజిల్ వేసినప్పుడు ఆయనకు ఈ ప్రశ్న ఎదురుకాలేదు. ఇంగ్లీషులో అక్షరాలు ఇరవై ఆరు, ఒక్కోదానికి ఒక్కో గడి. చెయ్యి పక్క అక్షరం మీద పడదు, కాలు కిందికి జారదు. తెలుగులో ‘స్త్రీ’ అని రాయగానే మూడు హల్లులూ ఒక అచ్చూ ఒకే చోట కాపురం పెడతాయి.

ఆ ఒక్క మాటను మూడు రకాలుగా లెక్కపెట్టవచ్చు. కంప్యూటరు లోపల దాచుకునే యూనికోడ్ సంకేతాల ప్రకారం అది ఆరు: స, పొల్లు గుర్తు, త, మళ్ళీ పొల్లు గుర్తు, ర, చివర దీర్ఘం. వ్యాకరణం చెప్పే వర్ణాల ప్రకారం నాలుగు: స్, త్, ర్, ఈ. పలక మీద దిద్దిన పిల్లాడి ప్రకారం ఒకటి.

ఆరు లెక్కను వెంటనే పక్కన పెట్టేయవచ్చు. ఒక గడిలో వట్టి దీర్ఘం గుర్తు కనిపిస్తే పాఠకుడు అది అచ్చుతప్పనుకుంటాడు. వర్ణాల లెక్క మాత్రం కొంచెం ఆశపెడుతుంది, ఎందుకంటే అలా చేస్తే వాడాల్సిన గుర్తులు సుమారు యాభైకి తగ్గి, పని ఇంగ్లీషుకు దగ్గరపడుతుంది. కానీ ‘కమల’ను అలా విడదీస్తే క్, అ, మ్, అ, ల్, అ అవుతుంది. ఆరు గళ్ళలో మూడు ‘అ’లు. పటమంతా అలా నిండితే, సగం జవాబులు ఆధారాలు చదవకుండానే రాసేయవచ్చు. పైగా తెలుగు చదివేవాళ్ళెవరికీ మాట అలా కనిపించదు.

అందుకే తెలుగు పత్రికల్లో నుడికట్లు కూర్చినవాళ్ళు మొదటి నుంచీ అక్షరాన్నే గడికి కొలతగా పెట్టుకున్నారు. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిపి ఒక గడి. శ్రీశ్రీ కూడా పదబంధ ప్రహేళికలు కూర్చినవాడే. ఆయన పేరు రెండు గళ్ళలో ఇమిడిపోతుంది. కంప్యూటరుకు మాత్రం ఎనిమిది కావాలి.

ఒక్క పేచీ మిగిలింది, పొల్లు. ‘రామ్’ అన్న మాట ఎన్ని గళ్ళు? ఛందస్సులో పొల్లు విడిగా లెక్కకు రాదు; ముందున్న అక్షరంతో కలిసి దాన్ని గురువు చేస్తుంది, అంతే. నుడికట్టులో ‘మ్’కు సొంత గడి ఇవ్వడం వాడుక. ఛందస్సు చెవితో కొలుస్తుంది, నుడికట్టు కంటితో కొలుస్తుంది. కంటికి సున్న అక్షరాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి ‘రాం’ అని రాస్తే ఒకటే గడి, ‘రామ్’ అని రాస్తే రెండు. మనిషి ఒకడే అయినా గళ్ళు మారతాయి. కాబట్టి కూర్పరి ఏ రూపం వాడుతున్నాడో ఆధారం పక్కన వేసే అంకె చెప్పాలి.

పటం ఎందుకు మొరాయిస్తుంది

గడి కొలత తేలగానే అసలు కష్టం మొదలవుతుంది. అడ్డం మాట, నిలువు మాట కలిసే గడిలో ఒకే అక్షరం ఉండాలి. ఇంగ్లీషులో ఆ కూడలికి ఇరవై ఆరు అవకాశాలు. తెలుగులో సుమారు ముప్పై అయిదు హల్లులు, ఒక్కోదానికి గుణింతంలో పన్నెండు పైచిలుకు రూపాలు. ఒత్తుల జోలికి పోకముందే లెక్క నాలుగు వందలు దాటిపోయింది. ‘క’ ఉన్న మాట కావాలంటే బోలెడు దొరుకుతాయి. మూడో అక్షరం కచ్చితంగా ‘కొ’ కావాలంటే నిఘంటువు ముఖం చాటేస్తుంది.

అమెరికా పత్రికల రోజువారీ పటం పదిహేను గళ్ళు అడ్డం, పదిహేను నిలువు. అందులో ప్రతి తెల్లగడీ అడ్డానికీ నిలువుకూ రెండిటికీ చెందాలన్నది నియమం. ఆ పటాన్ని తెలుగు మాటలతో నింపుతానని బయల్దేరినవాళ్ళు ఏదో ఒక మూల ఆగిపోక తప్పదు. ఎందుకో తెలియాలంటే చిన్న పటం చూడాలి. మూడు గళ్ళు అడ్డం, మూడు నిలువు, నల్లగడి లేదు:

```
క   మ   ల
మ   హ   తి
ల   తి   క
```

అడ్డంగా చదివినా నిలువుగా చదివినా కమల, మహతి, లతిక. లక్ష్మీదేవి, నారదుడి వీణ, చిన్న తీగ. చక్కగా కుదిరింది కదా అనిపిస్తుంది. ఎందుకు కుదిరిందో చూస్తే ఆ ధీమా తగ్గుతుంది. మూడూ సంస్కృతం నుంచి వచ్చినవే. తొమ్మిది గళ్ళలో ఒక్క ఒత్తు లేదు, ఒక్క సున్న లేదు, గుణింతం ఉన్నది ‘తి’ ఒక్కటే. ఏ మాటా డు, ము, వు, లుతో ముగియలేదు. అంటే పటం నిండాలని తెలుగులోంచి తెలుగుతనం చాలావరకు తీసేశాం.

ఇప్పుడు పై వరుసలో ‘కమల’ బదులు ‘చక్కని’ పెట్టి చూడండి. చ, క్క, ని. పై వరుసలో ఉన్న ప్రతి అక్షరమూ కింద తెల్లగడి ఉంటే ఒక నిలువు మాటకు మొదటి అక్షరం అవుతుంది. ‘చ’తో మాటలున్నాయి, ‘ని’తో కావలసినన్ని. ‘క్క’తో మొదలయ్యే తెలుగు మాట చెప్పండి. లేదు, ఉండదు. ద్విత్వాక్షరంతో తెలుగు మాట మొదలవదు. ‘ణ’, ‘ళ’లతో మొదలయ్యేవి వాడుకలో కనిపించవు. పొల్లు సంగతి చెప్పనే అక్కర్లేదు. ‘ప్ర’, ‘క్ష’, ‘స్నే’ లాంటి సంయుక్తాక్షరాలు మాత్రం మొదట నిలబడగలవు.

ఇంగ్లీషులో ఇలాంటి ఇబ్బంది లేదు. ఎంత అరుదైన అక్షరమైనా దానితో మొదలయ్యే మాట ఏదో ఒకటి ఉంటుంది. తెలుగు కూర్పరికి అక్షరాలు రెండు జాతులు: మాటకు ముందు నిలవగలిగేవి, నిలవలేనివి. నిలవలేని అక్షరం పై వరుసలోకీ, నల్లగడికి సరిగ్గా కిందికీ రాకూడదు. వచ్చిందా, దాని కింద కూడా నల్లగడి వేసి ఆ కూడలిని వదులుకోవాలి. దాన్ని నిలువు మాటకు మధ్యలోనో చివరో వచ్చేలా జరిపితే మాత్రం దారి తెరుచుకుంటుంది. ‘క్క’ చివర రావాలంటే కుక్క, ముక్క, చుక్క, లెక్క, పక్క, మొక్క అన్నీ సిద్ధంగా ఉంటాయి.

కుడి అంచున, కింది వరుసలో మరో రకం తంటా. అచ్చ తెలుగు మాటల్లో చాలా భాగం డు, లు, రు, ము, వు, ది, నిలతో ముగుస్తాయి. సంస్కృతం నుంచి తెచ్చుకున్న నపుంసక నామాలు సున్నతో ముగుస్తాయి. మూడు అడ్డం మాటలు ఒకే చోట ఆగితే వాటి చివరి అక్షరాలు నిలువుగా ఒక మాట కావాలి. పుస్తకం, కుటుంబం, సముద్రం కింద కింద చివరలు కలిసేలా పెడితే నిలువుగా వచ్చేది ‘కంబంద్రం’. అదేదో ఊరి పేరులా ఉంది కానీ, ఆధారం రాయడం కష్టం. విరుగుడు ఏమిటంటే, మాటల చివరలు ఒకే నిలువు గీత మీద పడకుండా మెట్లు మెట్లుగా జరపడం, అంచుల్లో నల్లగళ్ళు ధారాళంగా వాడడం. తెలుగు పటాలు చిన్నవిగా, నలుపు ఎక్కువగా కనిపించేది ఇందుకే. అది కూర్పరి బద్ధకం కాదు.

తిరగబడ్డ మాటల రహస్యం

తెలుగు నుడికట్లు అలవాటున్నవాళ్ళకు ఒక సంగతి తెలుసు. జవాబు రాశాక అది వెనకనుంచి చదవాలని ఆధారంలోనే ఉంటుంది: ‘తిరగబడింది’, ‘కిందినుంచి పైకి’, ‘వెనుదిరిగాడు’. ఇంకొన్నిచోట్ల మాట చెల్లాచెదురవుతుంది, తోక తెగుతుంది, తల పోతుంది. కొత్తవాళ్ళు ఇది కూర్పరి చిలిపితనం అనుకుంటారు. చిలిపితనం ఉంది కానీ, దాని అడుగున అవసరమూ ఉంది.

‘చక్కని’ దగ్గరికే మళ్ళీ వెళ్దాం. పై వరుసలో ‘క్క’ ఇరుక్కుంది. దాని కింద ‘కు’ రాయండి. పైనుంచి చదివితే ‘క్కకు’, అర్థం లేదు. కిందినుంచి చదివితే కుక్క. ఆధారం: ‘తిరగబడ్డ శునకం (2)’. తిరగేస్తే మాట చివరి అక్షరం మొదటి గడిలోకి వస్తుంది కాబట్టి, మాటకు ముందు నిలవలేని అక్షరానికి కూడా పై వరుసలో చోటు దొరుకుతుంది. అంచుల్లో చిక్కుకున్న డు, ళ్ళు, ణం లాంటి వాటిని గట్టెక్కించేదీ ఈ వెసులుబాటే. ఇంగ్లీషు పటాన్ని తెలుగు చేసేవాళ్ళు ముందుగా ‘లోపం’ అని కొట్టేసేది సరిగ్గా దీన్నే. దాన్ని కొట్టేసిన మర్నాడు పటం ఎందుకు నిండడం లేదని అడుగుతారు.

తిరగేయడం అక్షరం కొలతగానే జరుగుతుంది. ‘కుక్క’ తిరగబడితే ‘క్కకు’ అవుతుంది, లోపలి వర్ణాలు కదలవు. అందువల్లే ఆధారాల్లో మంచి చమత్కారాలు పండుతాయి. ‘తల తిరిగితే తీగ (2)’ అంటే జవాబు లత. ‘నవల చెదిరితే పంచమీ విభక్తి (3)’ అంటే వలన. ఇవి ఏ ఇంగ్లీషు ఆధారానికీ అనువాదాలు కావు, కాలేవు కూడా. ఇంగ్లీషు ఆధారం నుంచి తెచ్చుకోదగ్గది పద్ధతి ఒక్కటే: ఒక సగం అర్థం చెబుతుంది, మరో సగం అక్షరాలను ఏం చేయాలో చెబుతుంది.

దీనికీ ఒక హద్దు ఉంది. పటంలో మూడో వంతు మాటలు తిరగబడితే పాఠకుడూ తిరగబడతాడు. కూడలిలో నిలవలేని అక్షరం ఉన్నప్పుడు మాత్రమే తిరగేయాలి. తిరగేసిన ప్రతిసారీ ఆధారం ఆ సంగతి చెప్పి తీరాలి.

తెర మీదికి వచ్చాక

కాగితం మీద గడిలో ఏం రాయాలో పాఠకుడికి తెలుసు. తెర మీద ఆ సంగతి ప్రోగ్రాముకు కూడా చెప్పాలి. ఇంగ్లీషు ఆట కోడులో అక్షరాల సంఖ్యకు సాధారణంగా మాట పొడవును నేరుగా అడుగుతారు. తెలుగులో అలా అడిగితే ఇలా ఉంటుంది:

```
"స్త్రీ".length                                        // 6
[...new Intl.Segmenter("te").segment("స్త్రీ")].length  // 1, పాతవాటిలో 3
```

రెండో వరుస అక్షరాలుగా విడగొట్టే పద్ధతి. అదీ అన్నిచోట్లా ఒకే జవాబు చెప్పదు. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో ఒత్తులున్న అక్షరాన్ని విడగొట్టకుండా ఉంచాలన్న నియమం యూనికోడ్‌లో 2023లో, 15.1 కూర్పుతో చేరింది. అంతకు ముందరి లెక్క ప్రకారం స్, త్, రీ మూడు ముక్కలు. అంటే ఒకే ఆట కొత్త ఫోనులో ఒక గడి, పాత ఫోనులో మూడు గళ్ళు చూపించవచ్చు. ఫోను మీద ఆధారపడకుండా, మాటలను ముందే గళ్ళుగా విడగొట్టి దాచుకోవడం మేలు.

విడగొట్టడంలో పొల్లు మళ్ళీ అడ్డుపడుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ను కూర్పరి సా, ఫ్ట్, వే, ర్ అని నాలుగు గళ్ళలో పెడతాడు. అలా విడిగా కనిపించడానికి ‘ఫ్ట్’ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు, U+200C, టైపు చేయాలి. అది లేకపోతే ‘ఫ్ట్వే’ అని మూడూ ముద్దకట్టి గళ్ళు మూడవుతాయి. ఉంటే నాలుగే అవుతాయి గానీ, ఆ కనిపించని గుర్తు ‘ఫ్ట్’తో పాటే జవాబులో ఉండిపోతుంది. ఆడేవాడు ఆ గడిలో ‘ఫ్ట్’ అని మాత్రమే కొడతాడు. కంటికి రెండూ ఒకటే, ప్రోగ్రాముకు వేర్వేరు. గడి ఎర్రగా మారుతుంది, ఆడేవాడు తన తెలుగును అనుమానిస్తాడు. మాటను గళ్ళుగా విడగొట్టడం అయ్యాక, సరిపోల్చే ముందు, ఆ గుర్తును తీసేయాలి.

ఐత్వం కూడా ఇలాంటిదే. ‘కై’లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా, U+0C48గా దాచవచ్చు, U+0C46, U+0C56 అని రెండు ముక్కలుగానూ దాచవచ్చు. కనిపించేది ఒక్కటే. రెండువైపులా యూనికోడ్ చెప్పే NFC రూపంలోకి మార్చి పోల్చితే ఈ తగువు తీరిపోతుంది.

వర్ణక్రమం తగువు మాత్రం అంత తేలిగ్గా తీరదు. ‘వెళ్ళు’ అని రాసేవాళ్ళున్నారు, ‘వెళ్లు’ అని రాసేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ రెండోవాళ్ళదే తప్పంటారు. ‘చేశాడు’, ‘చేసాడు’ కూడా అంతే. ఆట ఇలాంటి జంటలను రెండు రకాలుగానూ ఒప్పుకోవాలి. ‘అర్థం’, ‘అర్ధం’ జంట దగ్గర మాత్రం మొండిగా ఉండాలి. ఒకటి భావం, మరొకటి సగం. దుకాణం బోర్డుల మీద ఈ రెండూ కలిసిపోయినంత మాత్రాన గడిలో కలపనక్కర్లేదు.

ఇక టైపింగు. ఇంగ్లీషు ఆటలో ఒక మీట నొక్కగానే గీత పక్కగడిలోకి దూకుతుంది. అదే అలవాటు తెలుగులో ఉంచితే ‘స’ కొట్టగానే దూకుతుంది; పొల్లు, త, మిగతావి తలా ఒక గడిలో అనాథల్లా పడి ఉంటాయి. పనిచేసే నియమం ఇది: కొత్తగా వచ్చినది గుణింతం గుర్తో, పొల్లో, సున్నో, విసర్గో అయితే ఉన్న గడిలోనే ఉండాలి. హల్లు అయితే, ముందు పొల్లు ఉంటే ఉన్న గడిలో, లేకపోతే పక్క గడిలో. ‘సాఫ్ట్‌వేర్’ దగ్గర ఈ నియమం కూడా తడబడుతుంది, ఎందుకంటే ‘ట్’ తర్వాతి ‘వ’ ఒత్తా, కొత్త అక్షరమా అన్నది ఆడేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. అక్కడ పక్కగడిని వేలితో తట్టే పని ఆడేవాడికే వదిలేయాలి.

రంగులు చెప్పే ఆట

జోష్ వార్డిల్ 2021లో బయటికి వదిలిన ‘వర్డిల్’ తరహా ఆటకు కూడా చిక్కు గడి దగ్గరే. అయిదక్షరాల మాట, ఆరు ప్రయత్నాలు; అక్షరం సరైన చోట ఉంటే పచ్చ, వేరే చోట ఉంటే పసుపు, లేకపోతే బూడిద.

తెలుగులో మూడక్షరాల మాట తీసుకుందాం. జవాబు ‘పుస్తకం’: పు, స్త, కం. ఆడేవాడు ‘పలక’ అని మొదలుపెట్టాడు. అక్షరానికి అక్షరం పోల్చితే మూడూ బూడిదే, ఎందుకంటే ‘ప’, ‘పు’ ఒకటి కావు, ‘క’, ‘కం’ ఒకటి కావు. నియమం ప్రకారం న్యాయమే. కానీ నాలుగు వందలకు పైగా అక్షరాల్లో ఇలా తడుముకుంటూ పోతే ఆరు ప్రయత్నాలు ఏ మూలకూ చాలవు. కాబట్టి ఇక్కడ ఇంకో రంగు కావాలి: హల్లు సరైనదే, గుణింతం వేరు. అప్పుడు ‘పలక’కు మొదటిదీ మూడోదీ ఆ రంగులో వెలుగుతాయి. తర్వాత ‘పాతకం’ అని ప్రయత్నిస్తే ‘కం’ పచ్చబడుతుంది, ‘పా’ ఇంకా కొత్త రంగులోనే ఉంటుంది.

మధ్య గడిలో ‘త’ సంగతేమిటి? జవాబులో ‘త’ ఉంది, కానీ ఒత్తుగా ఉంది. బూడిద చూపిస్తే ఆడేవాడు ‘త’ను పూర్తిగా కొట్టేసి దారితప్పుతాడు. కొత్త రంగు చూపిస్తే పై అక్షరమే ‘త’ అనుకుని ‘స్త’కు బదులు ‘త’ గుణింతమంతా తిరిగొస్తాడు. రంగులు పై హల్లు గురించే చెబుతాయని నియమం పెట్టి, ఒత్తు ఉన్న గడికి ఆట మొదట్లోనే చిన్న చుక్క పెట్టడం నాకు కనిపించే న్యాయమైన మార్గం. అప్పుడు ఆడేవాడు ఒత్తు కోసం వెతుక్కుంటాడు, అబద్ధం మాత్రం వినడు.

ఎవరైనా తెలుగు నుడికట్టు ఆట తయారైందని చూపిస్తే, ఆధారాలు చదవక ముందు నాలుగు మాటలు కొట్టి చూడవచ్చు. ‘స్త్రీ’ ఒక గడిలో పడాలి. ‘సాఫ్ట్‌వేర్’ నాలుగు గళ్ళలో పడి, జవాబుగా ఒప్పుకోవాలి. ‘వెళ్ళు’, ‘వెళ్లు’ రెండూ చెల్లాలి. ‘అర్ధం’ అడిగినచోట ‘అర్థం’ చెల్లకూడదు. ఈ నాలుగూ దాటితే ఆధారాలు చదవడం మొదలుపెట్టవచ్చు. దాటకపోతే ఆ ఆట తెలుగు మాటలు వాడుతున్న ఇంగ్లీషు ఆటే. పటం మళ్ళీ గీయమని పంపేయాలి, ఆధారాలు ఎంత బాగా అనువదించినా సరే.